కడియం బిల్లులో జీఎస్టీ, జీతం చీటీలో టీడీఎస్: మరి ఐటీఆర్ ఎక్కడ?

రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వైపు జాతీయ రహదారి మీద వెళ్తుంటే వేమగిరి దాటాక కడియపులంక దగ్గర రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే కనిపిస్తాయి. ఆ ఊళ్లో ఒక ఇంటిని ఊహించుకుందాం. తండ్రికి నర్సరీ ఉంది. మొక్కలు అమ్ముతారు, అడిగినవాళ్లకు తోటలు వేసి పెడతారు. కూతురు హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. తండ్రి బల్ల మీద బిల్లు పుస్తకాలు, కూతురి ఫోన్‌లో నెలనెలా వచ్చే జీతం చీటీ. మనుషులు ఊహే గానీ పన్నుల లెక్కలు నిజమైనవే, 2025-26 ఆర్థిక సంవత్సరానివి. జీఎస్టీ, టీడీఎస్, ఐటీఆర్ అనే మూడు మాటలూ ఈ ఒక్క ఇంట్లోనే దొరుకుతాయి కాబట్టి ఇక్కడి నుంచే చూద్దాం.

ముందు పూర్తి పేర్లు. జీఎస్టీ అంటే గూడ్స్ అండ్ సర్వీసెస్ టాక్స్, వస్తు సేవల పన్ను. 2017 జులై 1న వచ్చింది. టీడీఎస్ అంటే టాక్స్ డిడక్టెడ్ ఎట్ సోర్స్. డబ్బు మన చేతికి రాకముందే, ఇచ్చేవాళ్ల దగ్గరే కోత పడే ఆదాయపు పన్ను. ఐటీఆర్ అంటే ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్. ఏడాది ఆదాయమెంత, దాని మీద పన్నెంత, అందులో ఇప్పటికే కట్టిందెంత అని మనం ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేసే లెక్క.

మొదటిది అమ్మకం మీద పన్ను. తర్వాతి రెండూ ఆదాయం మీద పన్నుకు సంబంధించినవి. ఈ తేడా మనసులో లేకపోవడం వల్లే “ఫ్రిజ్ కొన్నప్పుడు అంత జీఎస్టీ కట్టాను కదా, ఐటీఆర్ వేస్తే వెనక్కి వస్తుందా?” అని చాలామంది అడుగుతారు. రాదు. ఇంటి వాడకానికి కొన్న వస్తువు మీద కట్టిన జీఎస్టీ అక్కడితో సరి. ఐటీఆర్‌లో వెనక్కి వచ్చేది ఎక్కువ కోసిన ఆదాయపు పన్ను మాత్రమే.

ఇప్పుడు బిల్లు పుస్తకాలు తెరుద్దాం. రాజమండ్రిలో ఒక ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ కొత్త హోటల్ కట్టింది. తండ్రి దగ్గర 2 లక్షల రూపాయల మొక్కలు కొంది. ఆవరణలో లాన్ పరచడానికి, చెట్లు నాటడానికి, కొన్నాళ్లు చూసుకోవడానికి మరో లక్షన్నరకు పని అప్పగించింది. బయటివాళ్లకు ఇదంతా ఒకే వ్యాపారం. పన్ను చట్టం మాత్రం దీన్ని రెండు ముక్కలుగా చూస్తుంది.

బతికున్న మొక్కల మీద జీఎస్టీ లేదు. అందుకే 2 లక్షల మొక్కలకు ఆయన రాసే కాగితం పేరు ‘బిల్ ఆఫ్ సప్లై’. అందులో పన్ను గడి ఉండదు. మొక్కల ధర, మొత్తం, అంతే. తోట వేసి చూసుకోవడం సేవ కాబట్టి దాని మీద 18 శాతం పన్ను పడుతుంది. దానికి రాయాల్సింది ‘టాక్స్ ఇన్‌వాయిస్’. ఆ బిల్లులో పని విలువ 1,50,000. దాని కింద సీజీఎస్టీ 9 శాతం, 13,500. ఎస్‌జీఎస్టీ 9 శాతం, మరో 13,500. మొత్తం 1,77,000.

సగం సగం ఎందుకంటే సీజీఎస్టీ కేంద్రానిది, ఎస్‌జీఎస్టీ రాష్ట్రానిది. నర్సరీ ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, హోటల్ కూడా ఇక్కడే ఉంది. అదే తోట హైదరాబాద్‌లోని హోటల్‌కు వేసుంటే రెండు గళ్లూ పోయి ఐజీఎస్టీ 18 శాతం, 27,000 అని ఒకే గడి వచ్చేది. కట్టేవాళ్లకు తేడా లేదు, మొత్తం 1,77,000 రూపాయలే. పన్ను ఏ రాష్ట్ర ఖాతాకు చేరాలన్నదే ఆ గళ్లు చెప్పేది. 2014 జూన్‌కు ముందులాగా రాష్ట్రం ఒకటే అయ్యుంటే ఈ లావాదేవీ లోపలిదే అయ్యుండేది.

ఇన్‌వాయిస్ పైన 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటుంది. దాన్ని ఒకసారి నిదానంగా చదవడం నేర్చుకుంటే చాలా సంగతులు తెలుస్తాయి. మొదటి రెండంకెలు రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. ఆ తర్వాతి పది అక్షరాలూ ఆ వ్యాపారి పాన్ నంబరే. పాన్‌లో నాలుగో అక్షరం చూడండి. పి అని ఉంటే ఒక వ్యక్తి వ్యాపారం, ఎఫ్ ఉంటే భాగస్వామ్య సంస్థ, సి ఉంటే కంపెనీ. ఈ అక్షరంతో కాసేపట్లో మనకు పనుంది. నంబరు నిజమో కాదో gst.gov.in లో వ్యాపారి నంబరు వెతికే చోట కొట్టి చూస్తే పేరు, రిజిస్ట్రేషన్ ఇంకా నడుస్తోందా రద్దయిందా అన్నది కనిపిస్తుంది. పేరు ఒకటి, నంబరు మరొకరిది అయిన బిల్లులు బజారులో లేకపోలేదు. ‘కాంపోజిషన్’ పద్ధతిలో ఉన్న చిన్న వ్యాపారి బిల్లులో పన్ను గడి ఉండనే కూడదు. తాను కొనుగోలుదారు నుంచి పన్ను వసూలు చేయడానికి వీల్లేదన్న మాట బిల్లు పైనే ఉండాలి. ఆ మాట అచ్చువేసుకుని కింద జీఎస్టీ కలిపితే ఇవ్వనక్కర్లేదు.

ఇంతకీ తండ్రికి ఈ నంబరు ఎందుకు అవసరమైంది? కడియం ప్రాంతంలో చాలామందికి తెలియక ఇబ్బందిపడే చోటు ఇది. పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అమ్మకం ఎంతైనా సరే. కానీ పన్ను పడే సేవ ఒక్కటి మొదలుపెట్టగానే లెక్క మారుతుంది. మన రాష్ట్రంలో సేవలు చేసేవాళ్లకు హద్దు ఏడాదికి 20 లక్షలు. ఆ 20 లక్షలు లెక్కించేటప్పుడు పన్ను పడే అమ్మకాలతో పాటు పన్ను లేని అమ్మకాలనూ కలుపుతారు. పుణె నుంచో బెంగాల్ నుంచో తెప్పించిన మొక్కలు 18 లక్షలకు అమ్మి, మూడు లక్షల తోటపని చేస్తే మొత్తం 21 లక్షలు. “నా పన్ను పని మూడు లక్షలే కదా” అనుకుంటే కుదరదు, రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అయితే పన్ను పడేది ఆ మూడు లక్షల మీదే.

రెండు బిల్లులు విడివిడిగా రాయడం వెనక మరో కారణం ఉంది. మొక్కలూ, నాటే పనీ కలిపి “తోట మొత్తం మూడున్నర లక్షలు” అని ఒకే ఒప్పందం, ఒకే బిల్లు రాస్తే, ఇది మొక్కల అమ్మకం కాదు, తోట వేసే సేవే అని అధికారులు అనే అవకాశం ఉంటుంది. అప్పుడు పన్ను లేని మొక్కల మీద కూడా 18 శాతం, అంటే మరో 36,000 చేతి నుంచి కట్టుకోవాల్సి రావచ్చు. బిల్లులు రెండైతే చాలదు, కొటేషన్‌లోనూ ఆర్డరులోనూ కూడా మొక్కల కొనుగోలు, తోటపని వేర్వేరుగా ఉండాలి.

బిల్లులు వెళ్లాయి. కొన్నాళ్లకు హోటల్ కంపెనీ నుంచి డబ్బు పడింది. మొక్కల బిల్లుకు 2,00,000 పూర్తిగా వచ్చింది. తోట బిల్లుకు మాత్రం 1,77,000కు బదులు 1,75,500 వచ్చింది. బ్యాంకు సందేశం చూసి “అమ్మాయ్, పదిహేను వందలు తక్కువేసుకున్నారేంటి?” అని తండ్రి అడుగుతారు.

ఆ 1,500 టీడీఎస్. పని చేసినందుకు కంపెనీ ఇచ్చే డబ్బు మీద వ్యక్తికైతే ఒక శాతం, కంపెనీకో భాగస్వామ్య సంస్థకో అయితే రెండు శాతం ఆదాయపు పన్ను ముందే కోయాలి. ఒక్క బిల్లు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా కోత తప్పదు. ఆదాయపు పన్ను చట్టం 194సీ సెక్షన్ చెప్పేది ఇదే. ఆయన పాన్‌లో నాలుగో అక్షరం పి కాబట్టి ఒక శాతం. అన్నదమ్ములతో కలిసి భాగస్వామ్య సంస్థగా పెట్టుకునుంటే అక్షరం ఎఫ్, కోత 3,000. పాన్ ఇవ్వకపోతే ఏకంగా 20 శాతం, 30,000.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఒకటి, కోత 1,77,000 మీద కాదు, 1,50,000 మీద పడింది. బిల్లులో జీఎస్టీని విడిగా చూపితే ఆ భాగం మీద టీడీఎస్ కోయనక్కర్లేదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017 జులై 19న 23వ సర్క్యులర్‌లో చెప్పింది. పన్ను మీద మళ్లీ పన్నెందుకు అన్నదే దాని తర్కం. విడిగా చూపకుండా “పన్నులతో కలిపి 1,77,000” అని ఒకే అంకె రాస్తే కంపెనీ అకౌంటెంట్ 1,770 కోస్తారు. అడగడానికి మన దగ్గర ఆధారం ఉండదు. రెండోది, ఇన్‌వాయిస్ మీద టీడీఎస్ గడి ఉండదు. బిల్లు రాసేది డబ్బు తీసుకునేవారు, టీడీఎస్ కోసేది ఇచ్చేవారు. అందుకని ఆ అంకె వాళ్లు పంపే చెల్లింపు వివరంలో కనిపిస్తుంది, తర్వాత ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో మన పాన్ కింద కనిపిస్తుంది. కొందరు బిల్లు అడుగునే “టీడీఎస్ పోను 1,75,500” అని రాసి మొత్తాన్ని తగ్గించేస్తారు. అలా చేయకూడదు. బిల్లు విలువ 1,77,000 రూపాయలే.

మొక్కల బిల్లులో కోత ఎందుకు లేదంటే అది సరుకు అమ్మకం. సరుకు కొన్నప్పుడు టీడీఎస్ కోసే నిబంధన ఒకటుంది గానీ, అది పది కోట్లకు మించిన టర్నోవరు ఉన్న కొనుగోలుదారు ఒకే వ్యాపారి దగ్గర ఏడాదిలో 50 లక్షలు దాటి కొన్నప్పుడే. అది కూడా దాటిన భాగం మీద 0.1 శాతమే. ఇక మామూలు ఇంటి యజమాని పెరట్లో తోట వేయించుకుంటే ఆయనకు ఈ గొడవేమీ లేదు, జీఎస్టీతో కలిపి పూర్తి డబ్బు ఇస్తారు.

మరి బిల్లులో వసూలైన 27,000? ఆ డబ్బు తండ్రిది కాదు. బ్యాంకు ఖాతాలో పడుతుంది కాబట్టి తనదే అనిపిస్తుంది. వాడుకున్నాక కట్టాల్సిన రోజు చేతిలో ఉండదు. చిన్న వ్యాపారులు ఎక్కువగా తడబడేది ఇక్కడే అని నా అభిప్రాయం. పన్ను రేటు వాళ్లను ముంచదు, పన్ను డబ్బును సొంత డబ్బులో కలుపుకోవడం ముంచుతుంది. అమ్మకాల వివరం జీఎస్టీఆర్-1లో, పన్ను చెల్లింపు జీఎస్టీఆర్-3బీలో వెళ్లాలి. నెలవారీ దాఖలు చేసేవాళ్లకు తర్వాతి నెల 11న మొదటిది, 20న రెండోది గడువు. జీఎస్టీఆర్-1లో ఆ బిల్లు కనిపించకపోతే హోటల్ కంపెనీ ఆ పన్నును తన ఖాతాలో జమగా చూపుకోలేదు. అందుకే చాలా కంపెనీలు బిల్లు విలువ ముందు ఇచ్చి, జీఎస్టీ భాగాన్ని “పోర్టల్‌లో కనిపించాక” అని ఆపుతాయి. డబ్బు తక్కువగా వస్తే కోత టీడీఎస్సా, ఆపిన జీఎస్టీనా అన్నది అంకె చూస్తేనే తెలిసిపోతుంది. 1,500 తగ్గితే అది టీడీఎస్, 28,500 తగ్గితే టీడీఎస్‌తో పాటు జీఎస్టీ కూడా ఆపారు, అంటే తన రిటర్నులో ఆ బిల్లు ఇంకా చేరలేదన్నమాట.

ఇంకో టీడీఎస్ కూడా ఉంది. పేరు అదే కావడంతో గందరగోళం. ప్రభుత్వ శాఖలు, మున్సిపాలిటీలు, పంచాయతీలు రెండున్నర లక్షలు మించిన పన్ను పడే కాంట్రాక్టుకు డబ్బిచ్చేటప్పుడు జీఎస్టీ చట్టం కింద కూడా 2 శాతం కోస్తాయి. ఇది 2018 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆదాయపు పన్ను టీడీఎస్‌తో దీనికి సంబంధం లేదు. ఐటీఆర్‌లో వెతికితే దొరకదు. జీఎస్టీ పోర్టల్‌లోని నగదు ఖాతాలో జమవుతుంది, తర్వాత కట్టాల్సిన జీఎస్టీకి వాడుకోవచ్చు. ప్రభుత్వ పని చేసినవాళ్ల చెల్లింపు కాగితంలో టీడీఎస్ రెండుచోట్ల కనిపిస్తే పొరపాటు పడిందని కంగారు పడక్కర్లేదు.

ఇక కూతురి జీతం చీటీ. నెలకు 1,20,000. అందులో జీఎస్టీ ఎక్కడా లేదు, ఉండదు కూడా. ఉద్యోగి యజమానికి చేసే పనిని జీఎస్టీ చట్టం సేవల లెక్కలోనే చేర్చలేదు. కోతల వైపు మూడు వరసలున్నాయి. పీఎఫ్ 1,800. పీటీ 200. టీడీఎస్ 7,345. చేతికి వచ్చేది 1,10,655. పీఎఫ్ ఆమె పొదుపే. పీటీ అంటే వృత్తి పన్ను, రాష్ట్రానిది. దాన్ని ఆదాయపు పన్ను అనుకునేవాళ్లున్నారు, కాదు. నెలకు 20,000 దాటిన జీతానికి మన రాష్ట్రంలో 200 రూపాయలే. మూడో వరస కొన్ని చీటీల్లో ‘ఇన్‌కమ్ టాక్స్’ అని, కొన్నింట్లో ‘ఐటీ’ అని ఉంటుంది. ఏ పేరున్నా అది జీతం మీది టీడీఎస్సే.

7,345 అన్న అంకె ఎలా వచ్చింది? నెల జీతాన్ని చూసి వేసింది కాదది. కంపెనీ ఏప్రిల్‌లోనే ఏడాదంతా అంచనా వేస్తుంది. పన్నెండు నెలలకు 14,40,000. కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోను 13,65,000. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. తర్వాతి 4 లక్షలకు 5 శాతం, 20,000. ఆ తర్వాతి 4 లక్షలకు 10 శాతం, 40,000. మిగిలిన 1,65,000కు 15 శాతం, 24,750. మొత్తం 84,750. దాని మీద 4 శాతం సెస్సు 3,390 కలిపితే 88,140. దాన్ని పన్నెండుతో భాగిస్తే సరిగ్గా 7,345.

“12 లక్షల దాకా పన్ను లేదన్నారుగా, మరి 4 లక్షల నుంచే ఎందుకు మొదలైంది?” అని ఆమెకు అనుమానం. పన్ను వేయదగ్గ ఆదాయం 12 లక్షల లోపుంటే లెక్కలో వచ్చిన పన్నునంతా రిబేటుగా మాఫీ చేస్తారు. దాటితే ఆ రిబేటు పోయి శ్లాబులు మొదటి నుంచీ వర్తిస్తాయి. కొద్దిగా దాటినవాళ్లకు ఊరట ఇచ్చే ఏర్పాటుంది గానీ లక్షా అరవై ఐదు వేలు దాటిన ఈమెకు అది అందదు. నెలకు లక్ష జీతమున్న ఆమె స్నేహితురాలి చీటీలో టీడీఎస్ గడి సున్నాగా ఉండటం కూడా సరైనదే. ఆమె ఏడాది జీతం 12 లక్షలు, స్టాండర్డ్ డిడక్షన్ పోతే ఇంకా తక్కువ.

ప్రభుత్వ ఉపాధ్యాయుల చీటీ దీనికి భిన్నంగా కనిపించడం గోదావరి జిల్లాల్లో ఇంటింటా తెలిసిన సంగతే. చాలాచోట్ల ఏడాది పొడవునా కొద్దిగానో, అసలు లేకుండానో పోయి, లెక్కల కాగితాలన్నీ డీడీవోకు ఇచ్చాక ఫిబ్రవరి జీతంలో పెద్ద కోత పడుతుంది. ఏడాది పన్ను మారదు, పడే నెల మాత్రమే మారుతుంది. పాత బకాయిలు ఒకేసారి వచ్చిన ఏడాది అదనపు ఊరట కోసం ఫారం 10ఈ వేసుకోవాలన్నది చాలామంది మరిచిపోతారు. ఐటీఆర్ కంటే ముందే దాన్ని ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి.

జీతం అని పిలుచుకునేదంతా జీతం కాదు. రాజమండ్రిలోనో భీమవరంలోనో ప్రైవేటు కళాశాలలో, ఆసుపత్రిలో చేరిన కొందరికి పీఎఫ్ ఉండదు, పీటీ ఉండదు, నెలనెలా సరిగ్గా 10 శాతం కోత మాత్రం ఉంటుంది. శ్లాబులతో లెక్కేసిన టీడీఎస్ సాధారణంగా అలా గుండ్రంగా పది శాతం రాదు. అలా వచ్చిందంటే సంస్థ వాళ్లను ఉద్యోగులుగా చూడటం లేదు, వృత్తి నిపుణులుగా చూసి 194జే కింద కోస్తోందన్నమాట. వాళ్లకు వచ్చేది ఫారం 16 కాదు, ఫారం 16ఏ. అప్పుడు స్టాండర్డ్ డిడక్షన్ దొరకదు, ఐటీఆర్ ఫారం కూడా వేరు. చేరేరోజునే ఈ సంగతి అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇప్పటిదాకా చూసిన బిల్లుల్లో గానీ చీటీలో గానీ ఐటీఆర్ అన్న మాట రాలేదు. రాదు కూడా. ఇన్‌వాయిస్‌లో ఐటీఆర్ గడి ఉండదు, జీతం చీటీలోనూ ఉండదు. ఆ కాగితాల్లోని అంకెలన్నీ ఏడాది చివర ఒకచోట చేరేదే ఐటీఆర్. జీఎస్టీలో ఐటీసీ అని ఇంకో మాట ఉంది, కొనుగోళ్ల మీద కట్టిన పన్నును జమగా వాడుకోవడం. వినడానికి దగ్గరగా ఉంటుంది గానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు.

కూతురి ఐటీఆర్ చూద్దాం. జీతం మీద కంపెనీ 88,140 కోసింది. “పన్నంతా పోయిందిగా, ఇక రిటర్న్ ఎందుకు?” అన్నది ఆమె ప్రశ్న. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఆమెకు 60,000 వడ్డీ వచ్చింది. 50,000 దాటింది కాబట్టి బ్యాంకు 10 శాతం, 6,000 కోసింది. బ్యాంకుకు ఆమె జీతం తెలియదు, కంపెనీకి ఆమె వడ్డీ తెలియదు. రెండూ కలిపితే ఆదాయం 14,25,000. దాని మీద సెస్సుతో పన్ను 97,500. కంపెనీ కోసిన 88,140, బ్యాంకు కోసిన 6,000 తీసేస్తే ఇంకా 3,360 కట్టాలి. బ్యాంకు పది శాతం కోసింది గానీ ఆమె శ్లాబు పదిహేను శాతం. ఆ తేడా బయటపడే ఒకే చోటు ఐటీఆర్. చలానా కట్టి రిటర్న్ వేయాలి. వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతోనో మరో విధంగానో ధ్రువీకరించాలి. అది మరిస్తే వేసినట్టే కాదు.

తండ్రి కథ దీనికి తలకిందులు. నర్సరీలో సొంతంగా పెంచిన నారు, మొక్కల మీద వచ్చే ఆదాయాన్ని వ్యవసాయ ఆదాయంగానే చూడాలని 2008 ఫైనాన్స్ చట్టం స్పష్టం చేసింది. దాని మీద ఆదాయపు పన్ను లేదు. వేరే రాష్ట్రం నుంచి కొని తెచ్చి అమ్మిన మొక్కల లాభం, తోటపని లాభం మాత్రం వ్యాపార ఆదాయం. సొంత మొక్కల మీద నికరంగా 4 లక్షలు, మిగతా రెంటి మీద 5 లక్షలు మిగిలాయనుకుందాం. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేకపోయినా మిగతా ఆదాయానికి రేటు తేల్చడానికి దాన్ని కలిపి చూస్తారు. అలా చూసినా వచ్చే పన్ను రిబేటులో పోతుంది. ఆయన కట్టాల్సింది సున్నా. హోటల్ కంపెనీ కోసిన 1,500 ఆయనకు వెనక్కి రావాలి. ఐటీఆర్ వేయకపోతే రాదు. పైగా వ్యాపార ఆదాయం 4 లక్షలు దాటింది కాబట్టి పన్ను లేకపోయినా వేసి తీరాలి. వ్యవసాయ ఆదాయం 5,000 దాటినవాళ్లు సులభమైన ఐటీఆర్-1, ఐటీఆర్-4 వాడకూడదు. ఆయనకు ఐటీఆర్-3 వర్తిస్తుంది. అందుకే కడియం నర్సరీ రైతులు ఆడిటర్ గారి దగ్గరకు వెళ్లడం దండగ ఖర్చు కాదు. వెళ్లేటప్పుడు సొంత మొక్కల అమ్మకం, కొని తెచ్చిన మొక్కల అమ్మకం వేర్వేరు పుస్తకాల్లో ఉంటే సగం పని అయినట్టే.

జీఎస్టీ రిటర్నుల్లో చూపిన టర్నోవరు ఆదాయపు పన్ను శాఖకూ కనిపిస్తుంది. మన పాన్ కింద వార్షిక సమాచార వివరం, అంటే ఏఐఎస్ తెరిస్తే జీఎస్టీ అమ్మకాలు, బ్యాంకు వడ్డీ, టీడీఎస్ అన్నీ వరసగా ఉంటాయి. జీఎస్టీలో 21 లక్షలు చూపి ఐటీఆర్‌లో 12 లక్షల అమ్మకాలు చూపితే ప్రశ్న వస్తుంది.

టీడీఎస్ మాత్రమే చూడాలంటే ఫారం 26ఏఎస్ ఉంది. అక్కడ ఆ 1,500 కనిపించకపోతే మూడు కారణాల్లో ఏదో ఒకటి అయ్యుంటుంది. కంపెనీ కోసి కట్టలేదు. కట్టింది గానీ మూడు నెలలకోసారి వేయాల్సిన టీడీఎస్ వివరం వేయలేదు. వేసింది గానీ పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టింది.  మూడోది జరిగితే ఆ డబ్బు ఎవరి ఖాతాలోనో కూర్చుంటుంది. కంపెనీ తన వివరాన్ని సవరించి మళ్లీ వేస్తే సరైపోతుంది. దీన్ని మనం ఐటీఆర్‌లో సరిచేయలేం. 26ఏఎస్‌లో లేని టీడీఎస్‌ను ఐటీఆర్‌లో రాసుకుంటే రిఫండ్ బదులు నోటీసు వస్తుంది. అయితే చీటీలో కోత పడినట్టు ఆధారం చేతిలో ఉంటే, కోసినవాళ్లు కట్టకపోయినా అదే పన్నును మళ్లీ మన దగ్గర వసూలు చేయకూడదని 205వ సెక్షన్ చెబుతోంది. అందుకే జీతం చీటీలను, కంపెనీలు పంపే చెల్లింపు వివరాలను పారేయకూడదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చేలా నిర్ణయించారు. జీతం మీది టీడీఎస్‌కు 392, మిగతా చెల్లింపులకు 393 అని కొత్త సెక్షన్లు. 2025-26 ఆదాయానికి వేసే రిటర్నులో మాత్రం పాత సెక్షన్లే. ఆ ఏడాది చివరి మూడు నెలల టీడీఎస్ వివరం వేయడానికి యజమానులకు మే 31 దాకా గడువుంది. ఫారం 16 ఇవ్వడానికి జూన్ 15. కాబట్టి ఏప్రిల్‌లోనే తొందరపడి ఐటీఆర్ వేస్తే జనవరి, ఫిబ్రవరి, మార్చి కోతలు 26ఏఎస్‌లోకి ఇంకా వచ్చి ఉండవు. జూన్ మూడో వారం దాకా ఆగి, మార్చి దాకా ఉన్న పన్నెండు చీటీల్లోని టీడీఎస్ కూడి, ఫారం 16లోని అంకెతో, 26ఏఎస్‌లోని అంకెతో సరిచూసుకుని అప్పుడు వేయాలి. కూతురి విషయంలో ఆ మూడుచోట్లా 88,140 ఉండాలి.